సవరణ: కొబ్బరినూనెలో సబ్బు వాసన గురించి

“కొబ్బరినూనె త్వరగా చెడదని రాశారు కదండీ, చెన్నైలో మా సీసాలో సబ్బు వాసన వస్తోంది. వాడవచ్చా?”

ఆ మాట గాలి సోకి ముక్కిపోవడానికే వర్తిస్తుంది. కొబ్బరినూనెలో దాదాపు 90 శాతం సంతృప్త కొవ్వే కనుక, అది వేరుశనగ నూనెకన్నా చాలా నెమ్మదిగా ముక్కుతుంది. చెమ్మ సంగతి వేరు. తడి చెంచా పెట్టినా, సరిగా ఎండని కొబ్బరి నుంచి తీసినా, ఎంజైములూ బూజూ కొవ్వును విడగొట్టి లారిక్ ఆమ్లాన్ని వేరుచేస్తాయి. సబ్బు వాసన దానిదే. అనుమానముంటే చెంచాడు నూనెను గోరువెచ్చగా కాచి వాసన చూడండి, వేడికి అది స్పష్టమవుతుంది. చలికాలపు ఉదయాల్లో నూనె గడ్డకట్టడం మాత్రం చెడినట్టు కాదు.

వేరుశనగపప్పు, అక్రోటు ముక్కితే పాత పెయింటు వాసన, నాలుకపై చేదు తెలుస్తాయి. ఇలాంటివి పొరపాటున ఒక ముద్ద తిన్నంత మాత్రాన సాధారణంగా హాని ఉండదు, అయినా రోజూ వాడటం మంచిది కాదు. వంటకు సబ్బు వాసన వచ్చే ఆ కొబ్బరినూనెను పక్కన పెట్టడమే నా సలహా. అసలు భయపడవలసింది బూజు పట్టిన పప్పుకు: అందులో ఉండగల అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం వాసనతో తెలియదు, వేయించినా పూర్తిగా పోదు.