ఇంత చురుకైన పోలీసు శాఖా!

సెల్‌ఫోన్ పోయిందని మన స్టేషన్‌కు వెళ్తే, రైటర్ గారు బందోబస్తుకు వెళ్ళారు, రేపు రండి అంటారు. అందుకే ఫోన్‌లోనే కేసులన్నీ తేల్చేస్తున్న కొత్త పోలీసు శాఖను ప్రభుత్వం ఆదర్శంగా తీసుకోవాలని నా మనవి.

ముందు కొరియర్ కంపెనీ పేరుతో రికార్డు చేసిన గొంతు వస్తుంది: మీ పార్సిల్ ఆగింది, వివరాలకు 9 నొక్కండి. నొక్కితే ఓ మర్యాదస్తుడు పలుకుతాడు. మీ పేరుతో ముంబయి నుంచి తైవాన్ వెళ్తున్న పెట్టెలో 5 పాస్‌పోర్టులు, 4 కిలోల బట్టలు, ఎండీఎంఏ దొరికాయట. (బట్టలెందుకో మరి, మత్తుమందుకు చలేస్తుందనేమో!) నేను పంపలేదు బాబూ అంటే వెంటనే నమ్ముతాడు కూడా. "పాపం, మీ ఆధార్ ఎవరో వాడేశారండీ, ఉండండి, సైబర్ క్రైమ్ వాళ్ళకు కలుపుతా" అంటాడు. మన ఆఫీసుల్లో పక్క సీటుకు ఫోన్ కలిపినవాణ్ణి ఎవరైనా చూశారా?

"రెండు గంటల్లో ముంబయి స్టేషన్‌కు రండి, కుదరకపోతే వీడియోలో విచారణ" అంటారు. అనకాపల్లిలో ఉన్నవాడు రెండో దారే పడతాడు. తెర మీద యూనిఫాం, వెనక శాఖ చిహ్నం, కాసేపటికి సీబీఐ లెటరు. 2024లో వర్ధమాన్ గ్రూపు అధిపతి ఎస్.పి. ఓస్వాల్ గారికైతే సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి వేషం కట్టి ఆన్‌లైన్‌లో విచారణ జరిపించి, 7 కోట్లు లాగారు. వాయిదా అన్న మాటే లేదు!

ఆ తర్వాత 'డిజిటల్ అరెస్ట్'. ఏ చట్టంలోనూ లేని అరెస్టు ఇది. కెమెరా ఆపకూడదు, ఇంట్లోవాళ్ళకు చెప్పకూడదు. ఖైదీ తిండి ఖైదీదే, కరెంటు బిల్లు ఖైదీదే, కాపలాకయ్యే డేటా కూడా ఖైదీదే. ఇంత చవకైన జైలు లోకంలో లేదు.

చివరికి, మీ సొమ్ము మంచిదో కాదో రిజర్వు బ్యాంకు తనిఖీ చేసి తిరిగిస్తుంది, ఆర్టీజీఎస్ చేయండి అంటారు. ఆ ఫారం నింపేటప్పుడు ఖాతాదారు పేరు ఒక్కసారి చదవండి. రిజర్వు బ్యాంకు ఉండాల్సిన చోట ఏదో ట్రేడర్స్ వారి కరెంటు ఖాతా కనిపిస్తుంది. అందులో పడ్డ డబ్బు నిమిషాల్లో ముక్కలై అద్దె ఖాతాల్లోకి పారిపోతుంది. అందుకే పంపినవాళ్ళు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఆ గంటలోనే ఫోన్ చేయాలి. మర్నాటికి ఆపడానికి పెద్దగా ఏమీ మిగలదు.

అసలు పోలీసులకు ఈ వేగం రాకపోవడానికి కోర్టుదీ తప్పుంది లెండి. విచారణకు రమ్మనే నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పేసింది. పాపం వాళ్ళు కాగితం పట్టుకుని గుమ్మం దాకా రావాలి.

ఈ శాఖలో ఉద్యోగాలూ ఉన్నాయండోయ్. డేటా ఎంట్రీ పని అని నమ్మించి విశాఖ కుర్రాళ్ళను కంబోడియా తీసుకెళ్ళి ఇలాంటి మోసాల్లో కూర్చోబెట్టారని 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టారు. కాబట్టి అవతలివాడు అచ్చ తెలుగులో గద్దించినా ఆశ్చర్యపోకండి.

ఈ శాఖకు చేతకానిది ఒక్కటే ఉంది. "సార్, నేను మా ఊరి స్టేషన్‌కే వెళ్ళి కూర్చుంటా, ఎస్సై గారితో మాట్లాడండి" అని చూడండి. ఎక్కడలేని సిగ్నల్ సమస్య అప్పుడే వస్తుంది.