కాన్పు తర్వాత గర్భసంచి బిగియకపోతే, తప్పు కాల్షియందా, తలుపుదా?

బిడ్డ పుట్టి, మాయ కూడా బయటికి వచ్చేశాక నర్సు తల్లి బొడ్డు దగ్గర చెయ్యి పెట్టి నొక్కి చూస్తుంది. చేతికి గట్టి బంతిలా తగిలితే ఊపిరి పీల్చుకుంటుంది. తడిపిన పిండిలా మెత్తగా ఉంటే గదిలో అందరికీ టెన్షన్ మొదలవుతుంది. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరు, ఆపైన రక్తం వెళ్తుంటుంది. మాయ ఊడిన చోట నోళ్లు తెరుచుకున్న రక్తనాళాలను ఎవరూ కుట్టరు. వాటి చుట్టూ అల్లుకున్న కండర పోగులే బిగిసి, వాటిని నొక్కిపట్టాలి.

ఆ బిగువు కోసమే బిడ్డ పుట్టగానే తొడకు 10 యూనిట్ల ఆక్సిటోసిన్ సూది వేస్తారు. గేదె పాలు చేపడానికి కొందరు దొంగచాటుగా వేసేదీ ఇదే మందు. అక్కడ బిగిసేవి పొదుగులో పాలగదుల చుట్టూ ఉండే కణాలు.

ఆక్సిటోసిన్ కండర కణం లోపలికి వెళ్లదు. పైపొర మీద తలుపులా ఉండి దాన్ని అందుకునే రిసెప్టర్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని అక్కడే ఆగిపోతుంది. అలా పట్టుకోగానే పొర లోపలివైపున్న ఫాస్ఫోలైపేజ్ సి అనే ఎంజైమ్ మేల్కొని, పొరలోనే ఉండే పిప్2 అనే కొవ్వు అణువును రెండుగా చీలుస్తుంది. ఒక ముక్క ఐపీ3. ఇది నీళ్లలో కరుగుతుంది కాబట్టి పొరను వదిలి లోపలికి ఈదుకుంటూ పోతుంది. రెండోది డీఏజీ. అది కొవ్వు కాబట్టి పొరలోనే ఉండిపోయి ప్రొటీన్ కైనేజ్ సి అనే ఇంకో ఎంజైమ్‌ను పని చేయిస్తుంది.

కణం లోపల కాల్షియం గోదాము లాంటి సంచులుంటాయి. ఐపీ3 వెళ్లి వాటి తూములు తెరుస్తుంది. కణం నిమ్మళంగా ఉన్నప్పుడు లోపలి ద్రవంలో స్వేచ్ఛగా తిరిగే కాల్షియం బయటికంటే దాదాపు 10 వేల రెట్లు తక్కువ. అందుకే కాస్త కాల్షియం వదిలినా కణానికి అది పెద్ద కేకలా వినిపిస్తుంది. గర్భసంచిలో గోదాము సరుకు ఒక్కటే చాలదు. పైపొరలోని కాల్షియం ద్వారాలు కూడా తెరుచుకుని బయటి నుంచి ఎక్కువ భాగం వస్తుంది.

వచ్చిన కాల్షియం నేరుగా కండరాన్ని లాగదు. 148 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్ కాల్‌మాడ్యులిన్‌లో నాలుగు గూళ్లుంటాయి. అవి కాల్షియంతో నిండితే దాని ఆకారం మారి, మయోసిన్ కైనేజ్ అనే ఎంజైమ్‌ను చుట్టుకుంటుంది. ఆ ఎంజైమ్ పోగును లాగే ప్రొటీన్ మయోసిన్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తే పోగు బిగుస్తుంది.

మరి సూది వేసినా ఒక్కోసారి గర్భసంచి ఎందుకు మెత్తగానే ఉంటుంది? నా ఉద్దేశంలో కాన్పు గదిలో అడగాల్సిన మొదటి ప్రశ్నల్లో ఒకటి: నొప్పుల కోసం ఆక్సిటోసిన్ డ్రిప్ ఎన్ని గంటలు నడిచింది? గంటల తరబడి ఆక్సిటోసిన్ తగులుతూ ఉంటే కణం ఆ రిసెప్టర్లకు ఫాస్ఫేట్ తగిలించి, పనికి రాకుండా చేసి, లోపలికి లాగేసుకుంటుంది. కెనడాలో సిజేరియన్ల మీద జరిగిన రెండు పరిశోధనల్లో ఈ తేడా స్పష్టంగా కనబడింది. నొప్పులు రాకముందే ఆపరేషన్ చేసిన తల్లుల్లో పది మందిలో తొమ్మిది మందికి గర్భసంచి బిగియడానికి 0.35 యూనిట్ల ఆక్సిటోసిన్ సరిపోయింది. డ్రిప్ పెట్టినా కాన్పు ముందుకు సాగక ఆపరేషన్‌కు వచ్చినవాళ్లకు సుమారు 3 యూనిట్లు కావాల్సి వచ్చింది.

అంటే గోదాములో కాల్షియం ఉంది, కాల్‌మాడ్యులిన్ ఉంది, రిసెప్టర్ అనే తలుపు మాత్రం మూసుకుంది. మూసిన తలుపునే ఇంకా గట్టిగా బాదుతూ ఆక్సిటోసిన్ పెంచుకుంటూ పోవడం నాకు సరైన దారిగా అనిపించదు. ఆ మందు ఎక్కువైతే బీపీ పడిపోతుంది, ఒంట్లో నీరు నిలుస్తుంది. గర్భసంచిని బిగించే వేరే మందులు మిథైల్ ఎర్గోమెట్రిన్, కార్బోప్రోస్ట్ వేరే రిసెప్టర్లను పట్టుకుని చివరికి అదే కాల్షియం దగ్గరికి చేరతాయి. డ్రిప్ ఎక్కువ సేపు నడిచిన తల్లి విషయంలో వాటిని ముందే చేతికందేలా పెట్టుకోవాలి, ఆలస్యం చేయకుండా వాటికి మారాలి.

వాటిని ఎవరికి వేయకూడదో కూడా ఈ దారే చెబుతుంది. రక్తనాళాల గోడల్లోనూ, ఊపిరి గొట్టాల్లోనూ ఉన్నది ఇదే రకం కండరం, ఇదే కాల్‌మాడ్యులిన్. అందుకే బీపీ ఉన్న తల్లికి ఎర్గోమెట్రిన్ ప్రమాదం, ఆస్తమా ఉన్న తల్లికి కార్బోప్రోస్ట్ ప్రమాదం.

ఒకటి మాత్రం మరవకూడదు. చేతికి గర్భసంచి గట్టిగానే తగులుతున్నా రక్తం కారుతూనే ఉంటే కాల్షియం తన పని తాను చేసినట్టే. అప్పుడు ఇంకో సూది కోసం కాదు, లైటు దగ్గరికి జరిపి ఎక్కడైనా చీలిక పడిందేమో వెతకాలి. రక్తం గడ్డకడుతోందో లేదో చూడాలి.