సవరణ: గాజులు, చేతి తాళ్ల నిబంధనపై

"గాజులు, చేతి తాళ్లు తీసేయమన్నారు. మంగళసూత్రం కూడానా? సర్వర్లకీ ఇదేనా?" - గవర్నర్‌పేట బ్రాంచి సిబ్బంది

మంగళసూత్రం తీయక్కర్లేదు. కోటు లోపలికి వేసుకోండి, బయట వేలాడితే గ్రైండర్‌లో చిక్కుకుంటుంది. గాజులు, ఉంగరాలు, చేతి తాళ్లు మాత్రం వంటగదిలో ఆహారం ముట్టుకునే ప్రతి ఒక్కరూ తీయాల్సిందే. మణికట్టు తాడు చికెన్ కడిగిన నీళ్లు పీల్చుకుంటుంది. సబ్బుతో చేతులు రుద్దినా ఆ తడి తాడులో మురికి పోదు. కాసేపటికి అదే చెయ్యి పెరుగు పచ్చడి కలుపుతుంది. దుర్గమ్మ గుడిలో కట్టించుకున్న తాడు తీయాలంటే మనసుకు కష్టమేనని మాకూ తెలుసు, అందుకే దాన్ని మెడలో, కోటు లోపల కట్టుకోవచ్చు.

సర్వర్లు ఆహారాన్ని చేత్తో ముట్టుకోరు కాబట్టి సాదా ఉంగరం ఒకటి ఉంచుకోవచ్చు. బిల్లింగ్ కౌంటర్‌కు ఈ నిబంధన లేదు.

వేలు తెగితే నీలం ప్లాస్టరే వేయండి. కూరలో ఊడిపడినా ఆ రంగు వెంటనే కనబడుతుంది.