ఓటు జడ్జీలది, ఎంపిక ఎవరిది?

2004లో అమెరికన్ చానల్ ఎన్‌బీసీలో ‘లాస్ట్ కామిక్ స్టాండింగ్’ అనే స్టాండప్ కామెడీ పోటీ షో రెండో సీజన్ వచ్చింది. జడ్జీలుగా కూర్చున్న కమెడియన్లు డ్రూ క్యారీ, బ్రెట్ బట్లర్ తాము ఓటేసిన పేర్లకూ, ఫైనలిస్టులుగా ప్రకటించిన పేర్లకూ పొంతన లేదని బహిరంగంగానే అభ్యంతరం చెప్పారు. తుది పదిమందిని తేల్చడంలో నిర్మాతలకూ చానల్‌కూ వాటా ఉందని అప్పుడు బయటపడింది.

వాళ్లకు ఆ వాటా ఎందుకు కావాలో అప్పట్లో షో నడిచిన తీరు చూస్తే తెలుస్తుంది. ఎంపికైన పదిమంది లాస్ ఏంజెలెస్‌లో ఒకే ఇంట్లో ఉండాల్సి వచ్చేది. తమలో ఎవరికంటే తాము ఎక్కువ నవ్వించగలరో ఒక్కొక్కరూ చెప్పాల్సి వచ్చేది. ఎక్కువమంది ఎవరి పేరు చెబితే వాళ్లు వేదికెక్కి పోటీపడాల్సి వచ్చేది. అంటే నిర్మాతకు మంచి జోకులతోపాటు ఒకరితో ఒకరికి పొసగని మనుషులూ కావాలి. ఆ అవసరం తప్పని నేను అనను. దాన్ని దాచి, ఎంపిక భారమంతా జడ్జీల కుర్చీ మీద పెట్టడమే తప్పు.

ఓటు తర్వాత అసలు కోత ఎడిటింగ్ గదిలో పడుతుంది. ఉదాహరణకు ఒక కమెడియన్ ఐదు నిమిషాలు చేశాడనుకుందాం. మొదటి నిమిషంలో, తండ్రి ప్రతి బిల్లునూ ఇనప్పెట్టెలో దాస్తాడని చెప్పాడు. దానికి చిన్న నవ్వే వచ్చింది. నాలుగో నిమిషంలో పెళ్లి సంగతి చెబుతూ, “శుభలేఖ కూడా పెట్టెలోకే వెళ్లింది” అన్నాడు. హాలు దద్దరిల్లింది. ఎపిసోడ్‌లో అతనికి దక్కేది తొంభై సెకన్లే. చిన్న నవ్వు వచ్చిన మొదటి నిమిషాన్ని తీసేసి, పెద్ద నవ్వును ఉంచుతారు. ఇంట్లో చూసేవాళ్లకు ఆ పెట్టె ఏమిటో తెలియదు. హాల్లో జనం ఎందుకంతగా నవ్వారో అర్థంకాక, అతనిది పేలవమైన జోకు అనుకుంటారు.

ఈ కోతను కొంతవరకు పసిగట్టవచ్చు. మాట మధ్యలో ప్రేక్షకుల ముఖం కనిపించి, తిరిగి వేదిక చూపేసరికి మైకు మరో చేతిలోకి మారిందంటే అక్కడ ఏదో పోయినట్టే. సహజమైన నవ్వు ఒకరిద్దరితో మొదలై పెరుగుతుంది, మెల్లగా సద్దుమణుగుతుంది. ఒక్కసారిగా పూర్తి స్థాయిలో మొదలై, కత్తితో కోసినట్టు ఆగే నవ్వును అనుమానించాలి. జడ్జి నవ్వే షాట్ విడిగా కనిపిస్తే, అది ఆ జోకుకే వచ్చిన నవ్వని నమ్మడానికీ ఆధారం లేదు.

అందుకే టీవీ కోసం రాసేవాళ్లు ప్రతి జోకునూ అరనిమిషంలో, ముందూవెనుకలతో పనిలేకుండా ముగిస్తారు. అలా ఎక్కడ కోసినా ప్రాణం పోదు. కానీ కథను పేనుకుంటూ వెళ్లి చివర్లో నవ్వించేవాళ్లకు ఈ పద్ధతిలో చోటు లేదు. వాళ్లకు న్యాయం జరగాలంటే పూర్తి ప్రదర్శనను ఆన్‌లైన్‌లో ఉంచాలి. జడ్జీల ఓట్లు ఎన్ని, నిర్మాతలు మార్చిన పేర్లు ఏవి అన్నది ఎపిసోడ్‌లోనే చూపించాలి.