షాపు ఖాళీ చేసేటప్పుడు తాళం ఎప్పుడు ఇవ్వాలి?

విజయనగరం గంటస్తంభం దగ్గరైనా, శ్రీకాకుళం జీటీ రోడ్డులోనైనా షాపు ఖాళీ చేసేవాళ్ళు పదే పదే చేసే తప్పు ఒకటుంది. సామాను తీసేసి, తాళం ఓనరు చేతిలో పెట్టి, "అడ్వాన్సు ఎప్పుడిస్తారండీ?" అని అప్పుడు అడుగుతారు. "కొత్తోళ్ళు రానీ బాబూ, వాళ్ళిచ్చింది మీకిచ్చేస్తాను" అంటారు. ఆ కొత్తవాళ్ళు వచ్చినా సున్నాల ఖర్చు, షట్టరు ఖర్చు, మధ్యలో ఖాళీ చేయకూడదన్న లాకిన్ గడువు అంటూ లెక్క పెరుగుతూనే ఉంటుంది. కష్టార్జితం ఇలా పోతుంటే కడుపు మండుతుంది, అందుకే రాస్తున్నాను.

ఒక లెక్క చూద్దాం. నెలకు 18,000 అద్దె, ఆరు నెలల అడ్వాన్సు 1,08,000. మూడేళ్ళ రిజిస్టర్డ్ అగ్రిమెంటు, లాకిన్ 24 నెలలు, నోటీసు రెండు నెలలు. వ్యాపారం సాగక 19వ నెల ఆఖరున నోటీసిచ్చి, 21వ నెల ఆఖరుకి ఖాళీ చేశారు. ఓనరు లెక్క ఇలా వస్తుంది: లాకిన్‌లో మిగిలిన మూడు నెలలకు 54,000, నోటీసుకు 36,000, షాపంతా పెయింటింగుకు 30,000. మొత్తం 1,20,000. అంటే అడ్వాన్సు పోగా మీరే ఎదురు 12,000 ఇవ్వాలి!

ఇందులో నోటీసు డబ్బు అసలు రాకూడదు. ఆ రెండు నెలలు మీరు షాపులోనే ఉన్నారు, అద్దె కట్టారు. అదే కాలానికి రెండోసారి ఎలా అడుగుతారు? లాకిన్ సంగతి కొంచెం జాగ్రత్తగా చూడాలి. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం అగ్రిమెంటులో రాసిన మొత్తం గరిష్ఠ హద్దు మాత్రమే, ఆ హద్దులోపు న్యాయమైన పరిహారం ఇవ్వాలి. నష్టమే లేకపోతే పరిహారం లేదని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. కాబట్టి 23వ నెల మొదటి రోజు నుంచి కొత్తవాళ్ళు అద్దె కడుతుంటే ఓనరుకి పోయింది ఒక్క నెల, 18,000. కానీ మీ కోసమే ఓనరు ఖర్చు పెట్టి షాపు మార్పించి ఉంటే, ఆ నష్టాన్ని ముందే అంచనా వేసి లాకిన్ రాసుకున్నామని గట్టిగా వాదించగలరు. అందుకే నోటీసిచ్చిన వారంలోనే కొత్త అద్దెదారుని వెతకడం మొదలుపెట్టండి, దొరికినవాళ్ళ పేరు ఓనరుకి వాట్సాప్‌లో పంపండి.

మూడేళ్ళ అగ్రిమెంటు వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకుని రిజిస్టర్ చేయించలేదా? అప్పుడు ఆ గడువును, దాంతోపాటు లాకిన్‌నూ కోర్టులో నిలబెట్టడం ఓనరుకి కష్టం. సాధారణంగా నెలవారీ అద్దెగానే చూస్తారు, దానికి 15 రోజుల నోటీసు చాలు. అదే కాగితం మీకూ ఆసరా ఇవ్వదు. అడ్వాన్సు ఇచ్చినట్టు బ్యాంకు ఎంట్రీ ఉంటే అదే మీ బలం.

ఇక షాపును యథాస్థితికి తేవడం. చట్టం అడిగేది మీరు తీసుకున్న స్థితిని, మామూలు వాడకంతో అరిగింది మినహాయించి. రంగు వెలిసిపోతే అది వాడకమే. బోర్డు కోసం గోడలో దిగ్గొట్టిన యాంకర్ బోల్టులు మాత్రం మీ పనే. చాలామంది వాటిని గ్రైండర్‌తో గోడ మట్టానికి కోసి, పైన పుట్టీ పెట్టి, రంగు వేసేస్తారు. మన ఉప్పుగాలికి, వానకి లోపల మిగిలిన ఇనుము తుప్పు పట్టి, కొన్నాళ్ళకే ఎర్రటి చార గోడ మీద జారుతుంది. బోల్టు లాగేసి, రంధ్రం తడిపి సిమెంటు మాలు దట్టించి, ఆరాక రంగు వేయించండి. ఏసీ పైపు రంధ్రానికీ అదే వైద్యం. మీరు పెట్టించిన ర్యాకులు, పార్టిషన్లు, లైట్లు స్వాధీనం మీ చేతిలో ఉన్నప్పుడే తీసుకోవాలి. తాళం ఇచ్చాక ఆ హక్కు పోతుంది.

కాబట్టి వరస ఇలా ఉండాలి: సామాను తీయడం, మరమ్మతు, ఓనరుతో కలిసి షాపు చూడటం, కరెంటు మీటరు రీడింగు ఫోటో, ఒక కాగితం మీద కోతలన్నీ రాసి ఇద్దరి సంతకాలు, డబ్బు, ఆఖరున తాళం. మన లెక్కలో లాకిన్ 18,000, గోడ పనికి తాపీమేస్త్రి, రంగు కలిపి 6,500, కరెంటు బిల్లు 2,300 పోతే చేతికి 81,200 రావాలి. తాళం ఇచ్చే రోజుకి కొత్తవాళ్ళు ఖాయం కాకపోతే, మూడు నెలల్లో వాళ్ళు ఏ తేదీ నుంచి అద్దె కడితే ఆ తేదీ వరకే లాకిన్ కోత అని అదే కాగితంలో రాయించండి.

ఓనరు దగ్గర ఆ రోజు డబ్బు లేదంటే తాళం నెలల తరబడి అట్టేపెట్టుకోకండి, అద్దె నడుస్తూనే ఉందని అంటారు. ఇవ్వాల్సిన మొత్తం రాయించుకుని, తేదీ వేసిన చెక్కు తీసుకుని, తాళం ఇచ్చేయండి. తాళమే తీసుకోనంటే ఖాళీ చేసిన తేదీ రాసి స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి. "చివరి నెలల అద్దె అడ్వాన్సులో కోసుకోండి" అని మీరే కట్టడం మానేయకండి. ఓనరు రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే బాకీదారు మీరవుతారు.

అప్పటికీ ఇవ్వకపోతే లాయరు నోటీసు, తర్వాత జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో కేసుకు ముందే రాజీకి అర్జీ. దానికి కోర్టు ఫీజు ఉండదు. అక్కడ కుదిరి లోక్ అదాలత్ అవార్డు రాస్తే అది కోర్టు డిక్రీతో సమానం.