ఇన్‌కాగ్నిటో మిమ్మల్ని ఆఫీసు నుంచి దాచదు

"ఉద్యోగం మారాలంటే ఆఫీసు లాప్‌టాప్ వాడటానికి భయమెందుకు? ఇన్‌కాగ్నిటోలో జీమెయిల్ తెరిస్తే ఎవరికీ తెలియదు. ఆఫీసు మెయిల్‌కి వచ్చినా చదివి డిలీట్ చేస్తే సరి. వేలమంది ఉన్న కంపెనీలో మన మెయిల్ ఎవరు చూస్తారు? పైగా ఆఫీసు ఐడీ నుంచి రాస్తే రిక్రూటర్‌కి నమ్మకం."

హైదరాబాద్‌లో ఒక ఐటీ కంపెనీలో ఆరేళ్లు మెయిల్ వ్యవస్థ చూసుకునే టీమ్‌లో పనిచేశాను. పైన ఇచ్చిన మెసేజ్‌ని నమ్మి ఎవరైనా నష్టపోతారేమోనని బాధగా ఉంది, అందుకే రాస్తున్నాను.

ముందు ఇన్‌కాగ్నిటో సంగతి. అది ముఖ్యంగా చేసే పని: విండో మూసేశాక ఆ బ్రౌజర్‌లో హిస్టరీ, కుకీలు మిగలకుండా చూడటం. మీరు చూసిన సైట్లు మీ యజమానికి కనిపించవచ్చని క్రోమ్ ఆ పేజీలోనే రాస్తుంది. చాలా కంపెనీలు లాప్‌టాప్‌లో తమ సొంత సర్టిఫికెట్ వేసి ఇస్తాయి. దాంతో మీకూ జీమెయిల్‌కీ మధ్య ఒక ప్రాక్సీ కూర్చుంటుంది. అది ట్రాఫిక్‌ని విప్పి, చూసి, మళ్లీ మూసి పంపుతుంది.

మీ లాప్‌టాప్‌లో ఇది ఉందో లేదో తెలుసుకోవడం తేలికే. జీమెయిల్ తెరిచి, అడ్రస్ బార్ పక్కన ఉన్న గుర్తు నొక్కి, సర్టిఫికెట్ వివరాల్లోకి వెళ్లండి. Issued By కింద Google Trust Services అని ఉంటే నెట్‌వర్క్‌లో ఎవరూ విప్పడం లేదు. అక్కడ మీ కంపెనీ పేరో, Zscaler లాంటి సెక్యూరిటీ సంస్థ పేరో కనిపిస్తే విప్పుతున్నారు. గూగుల్ పేరే కనిపించినా ధైర్యపడవద్దు. ఏ సైటుకి వెళ్లారో నెట్‌వర్క్‌కి ఎలాగూ తెలుస్తుంది. లాప్‌టాప్‌లోనే పనిచేసే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ ఏ ఫైల్ ఎక్కడికి అప్‌లోడ్ అయిందో విడిగా రాసుకోగలదు. దానికి సర్టిఫికెట్‌తో పనే లేదు.

డిలీట్ విషయానికొస్తే, మైక్రోసాఫ్ట్ 365 వాడే ఆఫీసుల్లో Deleted Items నుంచి కూడా తీసేసిన మెయిల్ Recoverable Items అనే, మనకు మామూలుగా కనిపించని ఫోల్డర్‌లోకి వెళ్తుంది. మామూలుగా 14 రోజులు ఉంటుంది, అడ్మిన్ 30 రోజుల దాకా పెంచవచ్చు. మీ మెయిల్‌బాక్స్ మీద లిటిగేషన్ హోల్డ్ పెడితే, అది తీసేదాకా ఏ మెయిలూ పోదు. హోల్డ్ పెట్టినట్టు మీకు తెలియాలనీ లేదు.

ఇక, ఎవరు చూస్తారన్న ప్రశ్న. ఇందులో సగం నిజం ఉంది. రోజూ కూర్చుని మీ మెయిల్ చదివేవాళ్లు ఎవరూ లేరు, మాకూ అంత తీరిక ఉండేది కాదు. కానీ వెతకాల్సిన రోజు ఒకటి వస్తుంది, ఆ రోజు వెతికేది మీ ఉద్యోగ ప్రయత్నం గురించి కాదు. మా దగ్గర జరిగింది చెబుతాను. ఒక క్లయింట్ డాక్యుమెంట్ బయటికి పోయిందని ఫిర్యాదు వచ్చింది. ఆ ప్రాజెక్టులో ఉన్న ఏడుగురి మెయిల్‌బాక్సుల్లో ప్రాజెక్టు పేరుతో ఆరు నెలల మెయిల్స్ వెతకమన్నారు. ఒకబ్బాయి మెయిల్‌బాక్స్‌లో అతని రెజ్యూమే దొరికింది. అందులో ప్రాజెక్టు పేరు రాసుకున్నాడు మరి. దాని వెనకే రిక్రూటర్‌తో జీతం మాటలు, నోటీసు పీరియడ్ తగ్గించడం గురించి నాలుగు మెయిల్స్. ఆ లీక్‌తో అతనికి ఏ సంబంధమూ లేదని తేలింది. కానీ వెతికిన ఫలితాలన్నీ ఒకే ఫైల్‌గా హెచ్ఆర్‌కీ, మేనేజర్‌కీ వెళ్లాయి. ఆ నెలలోనే ఆన్‌సైట్ జాబితాలో అతని పేరు పోయింది. అప్పటికి అతని చేతిలో ఆఫర్ కూడా లేదు. ఆ ఫైల్ తయారు చేసింది మా టీమే. అది నన్ను చాలాకాలం బాధపెట్టింది.

చట్టం కాపాడుతుందని కూడా అనుకోవద్దు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 7వ సెక్షన్‌లో ఉద్యోగ అవసరాలకూ, కంపెనీకి నష్టం జరగకుండా చూసుకోవడానికీ ఉద్యోగి సమ్మతి లేకుండానే డేటా వాడుకునే వీలు ఉంది. చేరిన రోజు సంతకం పెట్టిన ఐటీ పాలసీ ఎలాగూ ఉండనే ఉంది.

ఆఫీసు ఐడీ అంటే రిక్రూటర్‌కి నమ్మకం అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. కొందరు కన్సల్టెన్సీ వాళ్లు "మీరు అక్కడే పనిచేస్తున్నట్టు అఫీషియల్ ఐడీ నుంచి ఒక మెయిల్ పెట్టండి" అని అడుగుతారు. పెట్టవద్దు. "మా పాలసీ ఒప్పుకోదండీ, యూఏఎన్ సర్వీస్ హిస్టరీ పంపిస్తాను" అని చెప్పండి. ఈపీఎఫ్ఓ మెంబర్ పోర్టల్‌లో View కింద Service History ఉంటుంది. ఏ కంపెనీలో ఎప్పుడు చేరారో అందులో ఉంటుంది, వెరిఫికేషన్ వాళ్లు కూడా చివరికి చూసేది అలాంటివే. అయితే ఇది ఆఫర్ దాకా వచ్చాక, కంపెనీ ఏదో తెలిశాకే ఇవ్వండి. మొదటి ఫోన్‌కే ఇవ్వక్కర్లేదు.

ఆఫీసు ఐడీతో ఇంకో చిక్కుంది. చివరి పనిదినం సాయంత్రానికి ఆ ఐడీ ఆగిపోతుంది. నౌక్రి ఖాతా దానితోనే తెరిచి ఉంటే పాస్‌వర్డ్ మార్చుకునే లింకు మీకు రాదు. కొత్త కంపెనీ పంపే వెరిఫికేషన్ ఫారం కూడా అటే పోతుంది.

మరి ఏం వాడాలి? ఉద్యోగాల కోసమే ఒక కొత్త జీమెయిల్ ఐడీ, మీ సొంత ఫోన్, మీ సొంత డేటా. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఆఫీసు యాప్‌లు వర్క్ ప్రొఫైల్‌లో ఉంటే, వాటి మీద చిన్న బ్రీఫ్‌కేస్ గుర్తు ఉంటుంది. ఆ గుర్తున్న క్రోమ్‌లో గానీ, జీమెయిల్‌లో గానీ ఈ పని చేయవద్దు. వాట్సాప్‌లో Linked devices తెరిచి, ఆఫీసు లాప్‌టాప్ కనిపిస్తే లాగౌట్ చేయండి.

టీమ్స్ ఇంటర్వ్యూలో కూడా దొరికిపోవచ్చు. ఫోన్‌లో టీమ్స్ ఆఫీసు ఖాతాతో లాగిన్ అయి ఉంటుంది. రిక్రూటర్ పంపిన లింకు నొక్కగానే అదే ఖాతాతో లోపలికి వెళ్తారు. అందుకని చేరేముందు పైన ఏ పేరు, ఏ ఖాతా చూపిస్తోందో చూసుకోండి. వ్యక్తిగత ఖాతాకి మారండి, లేదా గెస్ట్‌గా చేరండి.

రెజ్యూమే ఆఫీసు లాప్‌టాప్‌లోనే ఉండిపోతే, దాన్ని మీ జీమెయిల్‌కి పంపుకోవద్దు. బయటికి వెళ్లే అటాచ్‌మెంట్ల మీద అలర్ట్ పెట్టేది ఇలాంటివి పట్టుకోవడానికే. కొన్ని కంపెనీల్లో ఫైల్‌కి దానంతటదే ఎన్‌క్రిప్షన్ పడుతుంది కూడా, అప్పుడు రిక్రూటర్ దగ్గర అది తెరుచుకోదు. ఫోన్‌లో గూగుల్ డాక్స్ తెరిచి మళ్లీ టైప్ చేసుకోండి, క్లయింట్ పేరు రాయకుండా. ఒక సాయంత్రం పని. కోడింగ్ టెస్టుకి లాప్‌టాప్ తప్పదు కాబట్టి ఇంట్లోవాళ్లదో, స్నేహితులదో రెండు గంటలు అడగండి.

ఇప్పటికే ఆఫీసు ఐడీ వాడేసినవాళ్లు టెన్షన్‌తో పాత మెయిల్స్ అన్నీ ఒక్కసారే తుడిచేయవద్దు. వందల మెయిల్స్ ఒకేసారి పోతే అదే లాగ్‌లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఈ రాత్రి నౌక్రిలో, లింక్డ్ఇన్‌లో మెయిల్ ఐడీ మార్చండి. మార్పు ఖాయం చేసే ఓటీపీ పాత ఐడీకే రావచ్చు, అందుకే అది ఇంకా మీ చేతిలో ఉండగానే చేయాలి. తర్వాత కొత్త ఐడీ నుంచి రిక్రూటర్‌కి ఒక్క లైను రాయండి: "ఇకపై ఈ ఐడీకే పంపండి, పాతదానికి ఏమీ పంపవద్దు."