‘వీడియో ఒక్కటి చాలు’ అనే ఆ వాట్సాప్ మెసేజ్‌కు జవాబు

“హోమ్ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు ఒక్కసారి ఇల్లంతా వీడియో తీసి ఫోన్లో పెట్టుకోండి, అదే చాలు. బిల్లు ఉన్న వస్తువులకే డబ్బులు వస్తాయి, బిల్లు లేనివి రాసుకోవడం దండగ. ఎంత పెట్టి కొన్నామో అంతా తిరిగి వస్తుంది. నగలు, నగదు కూడా వీడియోలో కనిపిస్తే ఏ టెన్షనూ లేదు.”

వర్షాకాలం మొదలవగానే ఈ మెసేజ్ మా అపార్ట్‌మెంట్ గ్రూపులో తిరగడం మొదలైంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చిన తర్వాత ఏం జరిగిందో చూసినవాళ్లకైనా ఇందులోని తప్పు తెలియాలి. బురద పట్టిన ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు రోడ్ల మీదికి చేరాయి. అలాంటి పరిస్థితిలో “మా ఇంట్లో ఇవన్నీ ఉండేవి” అని కాగితం మీద చూపించగలగాలి. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

ముందు వీడియో సంగతి. వీడియో తీయడం మంచిదే, ఫలానా వస్తువు ఇంట్లో ఉందని అది చెబుతుంది. కానీ నష్టం అంచనా వేయడానికి బీమా కంపెనీ పంపే సర్వేయర్ అడిగేది అది ఏ మోడల్, ఎన్ని లీటర్లు, ఎప్పుడు కొన్నారు అని. మూడు నిమిషాల్లో గదులన్నీ తిప్పిన వీడియోలో ఫ్రిజ్ తలుపు మాత్రమే కనబడుతుంది, బీరువా మూసే ఉంటుంది. పైగా ఫోన్ కూడా ఆ ఇంట్లోనే ఉంటుంది కదా.

ఒక్కో వస్తువుకు మూడు ఫొటోలు తీయండి. మొదటిది గదిలో అది ఎక్కడ ఉందో తెలిసేలా, రెండోది వస్తువు మొత్తం, మూడోది దాని మీది స్టిక్కర్. మోడల్ నంబరు, సీరియల్ నంబరు ఉండే ఆ స్టిక్కర్ ఫ్రిజ్‌కు చాలావరకు లోపలి గోడకు, టీవీకి వెనకాల, ఏసీకి ఇండోర్ యూనిట్ పక్కన లేదా కింద ఉంటుంది. అక్షరాలు చదవగలిగేంత దగ్గరగా తీయాలి. తర్వాత లిస్టులో ఒక వరుస ఇలా రాసుకోవచ్చు: వంటగది, రెండు తలుపుల ఫ్రిజ్, 265 లీటర్లు, మోడల్, సీరియల్ నంబర్లు, కొన్నది 2021 మార్చి, ధర ₹27,500, బిల్లు నంబరు, షాపు పేరు, కార్డుతో చెల్లింపు, బిల్లు స్కాన్ ఫైలు పేరు “వంటగది-03”. ఫొటోలకు కూడా ఇదే నంబరు పెడితే క్లెయిమ్ రోజున వెతుక్కునే పని ఉండదు. లిస్టును, ఫొటోలను ఈమెయిల్లోనో డ్రైవ్‌లోనో ఉంచి, వేరే ఊళ్లో ఉన్న చెల్లెలికో కొడుకుకో ఒక కాపీ ఇవ్వండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే తీసిన తేదీ, చోటు లాంటి వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఉంటాయి.

ఇక బిల్లు లేనివి. ఈ మెసేజ్‌లో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే మాట ఇదే, ఎందుకంటే మన ఇళ్లలో సగం సామాను బిల్లు లేనిదే. కొనుగోలుకు రుజువు బిల్లు ఒక్కటే కాదు. ఆన్‌లైన్లో కొన్నదైతే ఆర్డర్ హిస్టరీ ఉంటుంది. వాయిదాల్లో కొన్నదైతే ఫైనాన్స్ వాళ్ల లెటర్, కార్డుతో కొన్నదైతే బ్యాంకు స్టేట్‌మెంట్ దొరుకుతుంది. వారంటీ రిజిస్ట్రేషన్, రిపేరుకు వచ్చిన మనిషి ఇచ్చిన జాబ్ షీట్ కూడా పనికొస్తాయి, వాటి మీద సీరియల్ నంబరు ఉంటుంది. చాలా పెద్ద షోరూములు ఫోన్ నంబరు చెబితే బిల్లు కాపీ మళ్లీ ఇస్తాయి. పెళ్లి సారెగా వచ్చిన టేకు మంచానికో వడ్రంగి చేసిన బీరువాకో కొలతలు, కలప రకం, సుమారు ఏ సంవత్సరం అన్నది రాసి, అదే పని ఇప్పుడు చేయిస్తే ఎంతవుతుందో వడ్రంగి చేత ఎస్టిమేట్ రాయించుకోండి. గృహప్రవేశం ఫొటోల్లో వెనకాల కనబడే సోఫా సెట్టు కూడా రుజువే. థర్మల్ కాగితం బిల్లుల మీది అచ్చు కొన్నాళ్లకు చెరిగిపోతుంది, కొన్న రోజే ఫొటో తీయాలి.

కాగితాలు లేవనే ఒక్క కారణంతో క్లెయిమ్ తిరస్కరించకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్‌లో ఉంది. అయితే ఎంత ఇవ్వాలన్నది తేలేది మీరు చూపించే వివరాలతోనే. తెలిసిన షాపులో పాత తేదీతో బిల్లు రాయించుకోవద్దని మాత్రం బతిమాలి చెబుతున్నాను. అది బయటపడితే ఆ ఒక్క వస్తువుతో ఆగదు, మోసం కింద మొత్తం క్లెయిమ్ పోతుంది.

కొన్న ధర విషయానికి వద్దాం. 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ‘భారత్ గృహ రక్ష’ పాలసీలో మామూలు సామానుకు పరిహారం లెక్క కట్టేది రిపేరు ఖర్చును బట్టి, లేదా అలాంటి వస్తువే మళ్లీ కొనడానికి అయ్యే ఖర్చును బట్టి. వేరే పాలసీల్లో వాడిన ఏళ్లకు తరుగుదల కోయవచ్చు, మీ పాలసీ పత్రంలో ఆ వాక్యం వెతకండి. రెండింట్లోనూ మోడల్, సైజు, కొన్న సంవత్సరం తెలిస్తేనే లెక్క తేలుతుంది. కొన్న ధర అందులో ఒక ఆధారం మాత్రమే.

దీనికంటే ముఖ్యమైనది పరిమితి. ఈ పాలసీలో ఇంటి కట్టడానికి బీమా చేస్తే, విడిగా వివరాలు ఇవ్వకుండానే అందులో 20 శాతం దాకా సామానుకు కవర్ వస్తుంది, అది ₹10 లక్షలు దాటదు. కట్టడం ₹30 లక్షలకు బీమా అయ్యుంటే సామానుకు ₹6 లక్షలన్న మాట. ఇప్పుడు లిస్టులో ఈనాటి ధరలు వేసి గదుల వారీగా కూడండి: హాలు ₹2.1 లక్షలు, వంటగది ₹1.9 లక్షలు, రెండు పడకగదులు ₹3.2 లక్షలు, బట్టలు, పుస్తకాలు, మిగతావి ₹1.2 లక్షలు. మొత్తం ₹8.4 లక్షలు. ఇల్లంతా మునిగితే ₹2.4 లక్షలు మీ చేతి నుంచి పోతాయి. బీమా తక్కువుందని ఈ పాలసీలో ఆ నిష్పత్తిలో పరిహారం కోయరు గానీ పరిమితి దాటి ఇవ్వరు. వివరాలు ఇచ్చి ఎక్కువ మొత్తానికి ముందే తీసుకునే వీలుంది. వీడియో చూస్తే ఈ లోటు ఎవరికీ కనబడదు, కూడితేనే తెలుస్తుంది.

నగదుకు ఈ పాలసీలో కవర్ లేదు, వీడియోలో ఎంత స్పష్టంగా కనబడినా రాదు. నగలు, వెండి సామాను వేరే విభాగం, దాన్ని అడిగి తీసుకోవాలి. మొత్తం ₹5 లక్షలు, ఒక్కో వస్తువు ₹1 లక్ష దాటకపోతే వాల్యుయేషన్ సర్టిఫికెట్ అడగరు, దాటితే కావాలి. లిస్టులో ఒక్కో నగకు మొత్తం బరువు, రాళ్లు తీసేసిన బరువు, క్యారెట్ రాసి, తూకం మీద పెట్టి అంకె కనబడేలా ఫొటో తీయండి. కొత్త హాల్‌మార్క్ నగల మీద అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు కోడ్ ఉంటుంది, అది కూడా రాసుకోండి. అమ్మమ్మ నాటి వడ్డాణానికి అది ఉండదు కాబట్టి వాల్యుయర్ కాగితమే ఆధారం.

దొంగతనం గురించి ఆ మెసేజ్‌లో లేకపోయినా గ్రూపులో ఇద్దరు అడిగారు. ఈ పాలసీలో దొంగతనానికి కవర్ ఉన్నది అగ్నిప్రమాదం, వరద లాంటి ఘటన వల్ల, అది జరిగిన 7 రోజుల్లోపు సామాను పోతేనే. ఊరెళ్లినప్పుడు తాళం పగలగొట్టి ఎత్తుకుపోతే దీని కింద రాదు, దానికి విడిగా బర్గ్లరీ కవర్ తీసుకోవాలి.